కడ్డీని సమవేగంతో లాగాలా, సమబలంతో లాగాలా: ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివే పిల్లల పుస్తకంలోనూ, పక్కనే ఆంధ్రా వైపు పాతపట్నంలో ఇంటర్ చదివే పిల్లల పుస్తకంలోనూ ఒక బొమ్మ ఒకేలా ఉంటుంది. రెండు సమాంతర పట్టాలు, వాటిని ఒక కొసన కలిపే నిరోధం, పట్టాల మీద అడ్డంగా జారే కడ్డీ, కాగితంలోకి దిగుతున్నట్టు గీసిన అయస్కాంత క్షేత్రం. నా దగ్గర ట్యూషన్‌కు రెండు వైపుల పిల్లలూ కూర్చుంటారు. బడిలో భాష ఏదైనా ఇంట్లో తెలుగే కాబట్టి, అందరికీ ఈ బొమ్మను తెలుగులోనే చెబుతాను. పుస్తకం చెప్పే సూత్రం వాళ్లకు వచ్చు. బొమ్మలో కనిపించనిది ఒక్కటే: కడ్డీని లాగేది ఎవరు, ఎలా లాగుతున్నారు?

లాగడానికి రెండు దారులున్నాయి. మొదటిది, గేరున్న చిన్న మోటారు దారాన్ని చుట్టుకుంటూ కడ్డీని ఎప్పుడూ ఒకే వేగంతో లాగడం. రెండోది, దారాన్ని కప్పీ మీదుగా వేసి కొసన ఒక బరువు వేలాడదీయడం. మొదటి దాంట్లో వేగం మన చేతిలో ఉంటుంది, ఎంత బలం పడుతుందో సర్క్యూటే తేలుస్తుంది. రెండో దాంట్లో బలం మన చేతిలో ఉంటుంది, వేగం ఎక్కడ ఆగాలో సర్క్యూట్ తేలుస్తుంది. ఈ ఒక్క తేడాతో జవాబులు తలకిందులైపోతాయి.

లెక్కకు అంకెలు పెట్టుకుందాం. క్షేత్రం B = 0.5 టెస్లా, పట్టాల మధ్య దూరం l = 0.2 మీటరు, మొత్తం నిరోధం R = 0.1 ఓం. నిజానికి అంత వెడల్పున, మీటర్ల పొడవున 0.5 టెస్లా నిలపడం బడి ల్యాబులో అయ్యే పని కాదు. అంకెలు తేలిగ్గా ఉంటాయని తీసుకున్నవి ఇవి.

మోటారుతో సెకనుకు 2 మీటర్ల వేగంతో లాగామనుకోండి. కడ్డీలో పుట్టే ఈఎంఎఫ్ Blv, అంటే 0.2 వోల్టు. కరెంటు 2 ఆంపియర్లు. ఆ కరెంటు పారుతున్న కడ్డీ మీద అదే అయస్కాంత క్షేత్రం వెనక్కి బలం చూపిస్తుంది. అది BIl, అంటే 0.2 న్యూటన్. వేగం మారకుండా ఉండాలంటే మోటారు సరిగ్గా అంతే బలంతో ముందుకు లాగాలి. మోటారు సెకనుకు చేసే పని Fv = 0.2 × 2 = 0.4 వాట్. నిరోధంలో వేడిగా పోయేది I²R = 4 × 0.1 = 0.4 వాట్. రెండూ సరిపోయాయి. మోటారు పెట్టిన శక్తే నిరోధంలో వేడిగా తేలుతుంది, అయస్కాంతం జేబులోంచి పైసా ఖర్చు కాదు.

ఇప్పుడు అదే పని బరువుతో చేద్దాం. 20 గ్రాముల బరువు వేలాడదీస్తే దాదాపు 0.2 న్యూటన్. కడ్డీ 50 గ్రాములు అనుకుందాం. వదలగానే కడ్డీ పరుగెత్తడం మొదలెడుతుంది, వేగం పెరిగేకొద్దీ వెనక్కి లాగే బలమూ పెరుగుతుంది. ఆ రెండు బలాలు సమానమైన చోట వేగం నిలిచిపోతుంది. ఆ వేగం FR/(B²l²), అంకెలు వేస్తే మళ్లీ సెకనుకు 2 మీటర్లే. కరెంటు 2 ఆంపియర్లు, పవర్ 0.4 వాట్. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి కదా, ఇక తేడా ఏముందని ఇక్కడ పుస్తకం మూసేసే పిల్లలు చాలామంది.

మూయకుండా ఒక్క మార్పు చేయమంటాను. అయస్కాంతాన్ని రెట్టింపు చేయండి, B = 1 టెస్లా. మోటారు దారిలో ఈఎంఎఫ్ 0.4 వోల్టు, కరెంటు 4 ఆంపియర్లు, కావలసిన బలం 0.8 న్యూటన్, పవర్ 1.6 వాట్ అవుతాయి. పవర్ నాలుగు రెట్లయింది. బరువు దారిలో మాత్రం నిలకడ వేగం సెకనుకు అర మీటరుకు పడిపోతుంది. ఈఎంఎఫ్ 0.1 వోల్టు, కరెంటు 1 ఆంపియర్, పవర్ 0.1 వాట్. అంటే నాలుగో వంతు.

"మాస్టారూ, అయస్కాంతం బలం పెంచితే పవర్ తగ్గడమేంటండీ?" అని క్లాసులో ఎవరో ఒకరు అడిగి తీరుతారు. అడగాల్సిన ప్రశ్నే. బలమైన క్షేత్రంలో కొంచెం వేగానికే కొంచెం కరెంటు పుట్టి, ఆ కొంచెం కరెంటే బరువు లాగుడును ఆపేయడానికి సరిపోతుంది. బరువు మెల్లగా దిగుతుంది. సెకనుకు తక్కువ దూరం దిగే బరువు సెకనుకు తక్కువ పనే చేస్తుంది.

నిరోధంతోనూ ఇదే కథ. R ను 0.2 ఓం చేస్తే మోటారు దారిలో కరెంటు సగమై పవర్ 0.2 వాట్‌కు తగ్గుతుంది. బరువు దారిలో వేగం సెకనుకు 4 మీటర్లకు పెరిగి పవర్ 0.8 వాట్ అవుతుంది. గమనించారా, బరువు దారిలో కరెంటు మారలేదు, 2 ఆంపియర్లే. నిలకడకు వచ్చాక కరెంటు F/(Bl) మాత్రమే, దానికి నిరోధంతో పని లేదు. అందుకే ప్రశ్నలో కడ్డీ 'సమవేగంతో' అని ఉందా, 'సమబలంతో' అని ఉందా చూడకుండా P = B²l²v²/R రాసేసి "B పెరిగితే P పెరుగుతుంది" అనేవాళ్లు దొరికిపోతారు. ఆ సూత్రం రెండు చోట్లా నిజమే. రెండో చోట v కూడా B తో పాటు మారుతుందని మర్చిపోవడమే తప్పు.

కాగితం మీద చూస్తే పెద్ద నిరోధం పెట్టి బరువుతో లాగడం లాభసాటిగా కనిపిస్తుంది. పట్టాల పొడవు అడిగితే ఆ లాభం ఆవిరవుతుంది. బరువు దారిలో కడ్డీ వెంటనే నిలకడకు రాదు. దానికి పట్టే కాలాన్ని mR/(B²l²) అనే అంకె చెబుతుంది, m అంటే కడ్డీ, బరువు కలిపి 70 గ్రాములు. మొదటి అంకెలతో అది 0.7 సెకను. దానికి మూడు రెట్ల కాలం గడిస్తే కడ్డీ చరమ వేగంలో 95 శాతాన్ని అందుకుంటుంది, అప్పటికి దాదాపు 2.9 మీటర్లు జారి ఉంటుంది. బరువు కూడా అంతే ఎత్తు దిగాలి, అంటే డాబా మీంచి వేలాడదీయాలి. నిరోధం రెట్టింపు చేస్తే ఆ దూరం నాలుగు రెట్లై పదకొండు మీటర్లు దాటుతుంది. అదే క్షేత్రాన్ని రెట్టింపు చేస్తే పద్దెనిమిది సెంటీమీటర్ల పట్టా చాలు. పవర్ తక్కువైనా, బల్ల మీద చరమ వేగం చూపించాలంటే బలమైన అయస్కాంతమే దిక్కు.

ఇంకో చిక్కు. బరువు దారిని సమబలం అంటున్నాం గానీ, నిలకడకు రాకముందు అది పూర్తిగా నిజం కాదు. బరువే త్వరణంతో దిగుతుంటుంది కాబట్టి దారంలో లాగుడు వదిలిన క్షణాన 0.14 న్యూటన్ దగ్గర ఉండి, క్రమంగా 0.2కు చేరుతుంది. ఈ దశలో పవర్ లెక్క కూడా సరిపోదు. వేగం సెకనుకు 1 మీటరు ఉన్న క్షణంలో బరువు ఇచ్చేది 0.2 వాట్, నిరోధంలో తేలేది 0.1 వాట్. మిగతా సగం కడ్డీని, బరువును ఇంకా వేగంగా పరుగెత్తించడానికి పోతుంది.

ఘర్షణ వచ్చేసరికి మోటారు దారిదే పైచేయి. కడ్డీకీ పట్టాలకీ మధ్య 0.1 న్యూటన్ ఘర్షణ ఉందనుకోండి. మోటారు 0.3 న్యూటన్‌తో లాగుతుంది, కరెంటూ నిరోధంలోని 0.4 వాట్ కూడా అలాగే ఉంటాయి. బరువు దారిలో సగం బలం ఘర్షణకే పోయి, వేగం సెకనుకు 1 మీటరుకు దిగి, నిరోధంలో 0.1 వాట్ మాత్రమే మిగులుతుంది. పైన చెప్పిన, ఇంకా వేగం పుంజుకుంటున్న కడ్డీకి కూడా ఇవే అంకెలు వచ్చాయి. మరి ఏది ఏదో పోల్చుకోవడమెలా? నిరోధం కొసల మధ్య మీటరు పెట్టి చూడాలి. రీడింగ్ ఇంకా పెరుగుతుంటే కడ్డీ నిలకడకు రాలేదు. తక్కువ దగ్గరే ఆగిపోతే అది ఘర్షణ.

పట్టాలు మాసిపోతే మాత్రం బరువు దారికి మార్కులు పడతాయి. ఇత్తడి పట్టా మీద చిలుము పడితే కడ్డీ తాకే చోట ఇంకో 0.1 ఓం నిరోధం తేలిగ్గా చేరిపోవచ్చు. మోటారు దారిలో కరెంటు సగమై, మన 0.1 ఓం నిరోధం మీద మీటరు 0.2 బదులు 0.1 వోల్టే చూపిస్తుంది. పిల్లలు సూత్రం తప్పనుకుంటారు. బరువు దారిలో కడ్డీ రెట్టింపు వేగం అందుకుని అదే 2 ఆంపియర్లు పారిస్తుంది, మీటరు 0.2 వోల్టే చూపిస్తుంది. రీడింగ్ చిందులు వేస్తుంటే మాత్రం కడ్డీ ఎగిరెగిరి పడుతోందని అర్థం, అప్పుడు రెండు దారులూ పనికిరావు.

మా ఊళ్లో రైలు పట్టాలు చూసి "ఇక్కడ కూడా కరెంటు పుడుతుందా" అని అడుగుతారు. పుడుతుంది గానీ చాలా తక్కువ. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 1.676 మీటర్లు, భూమి క్షేత్రంలో నిలువు భాగం మన వైపు సుమారు 2 × 10⁻⁵ టెస్లా. గంటకు 72 కిలోమీటర్లతో పోయే బండి ఇరుసులో ఒక మిల్లీవోల్టు కూడా రాదు.

అసలు జనరేటర్లు ఏ దారి పట్టాయో చూడాలంటే మన సరిహద్దులోనే మాచ్‌ఖండ్ ఉంది. 1955లో ఉత్పత్తి మొదలైన ఆ జలవిద్యుత్ కేంద్రం ఒడిశా, ఆంధ్ర రెండింటికీ ఉమ్మడి. అక్కడ కడ్డీ జారదు, అయస్కాంతమే తిరుగుతుంది, కానీ లాగుడు లెక్క అదే. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి కాబట్టి తిరిగే వేగం మారకూడదు. ఊళ్లలో మోటార్లు ఎక్కువ నడిచి లోడు పెరిగితే కరెంటు పెరిగి, జనరేటర్‌ను వెనక్కి పట్టే బలమూ పెరుగుతుంది. దాంతో వేగం తగ్గబోతుంటే గవర్నర్ అనే పరికరం పసిగట్టి టర్బైన్‌కు ఇంకొంచెం నీరు వదులుతుంది. అంటే మన మోటారు దారే. నీటిని పెంచకుండా ఒకే బలంతో తోస్తూ ఉంటే లోడు పెరిగినప్పుడల్లా వేగం పడిపోతుంది.

కాబట్టి మొదట చెప్పేటప్పుడు నేను సమవేగంతోనే మొదలుపెడతాను, Fv = I²R అని ఒక్క క్షణంలో తేలిపోతుంది కాబట్టి. అది చేతికొచ్చాక B రెట్టింపు లెక్కను బరువుతో చేయిస్తాను. బల్ల మీద చూపించడానికైతే బరువు, బలమైన అయస్కాంతాలు, తక్కువ నిరోధం, ఉప్పుకాగితంతో రుద్దిన పట్టాలు, 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టిన మల్టీమీటరు తీసుకుంటాను. మోటారు, గేర్లు కుదిర్చే ఓపిక ఉన్నవాళ్లు ఘర్షణను పట్టించుకోకుండా ఆ దారిలోనే వెళ్లొచ్చు.