వేడినీళ్ల గురించి మీరు రాసింది నిజమే

నమస్కారమండి. అమ్మగారి కన్ను ఎలా ఉంది? కంటి ఆపరేషన్ కోసం నెల్లూరు నుంచి వచ్చి, చెన్నై నుంగంబాక్కంలోని మా లాడ్జిలో మూడు రాత్రులు ఉండి, రెండు పొద్దులు వేడినీళ్లు రాలేదని, బిల్లులో ఎక్కువ గుంజారని, రోడ్డు చప్పుడని మీరు రాసిన అభిప్రాయం శనివారం చదివాను. ట్యాంకు విప్పించి చూశాక, మీ బిల్లు తీసి చూసుకున్నాక జవాబు రాద్దామని నాలుగు రోజులు ఆగాను. ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

ముందు వేడినీళ్ల సంగతి. మా డాబా మీద 300 లీటర్ల సోలార్ ట్యాంకు ఉంది. నవంబరు ముసురులో ఎండ ఉండదు కాబట్టి లోపల 2 కిలోవాట్ల కరెంటు కాయిల్ కూడా ఉంటుంది. మీరున్న ఆ రెండు పొద్దులూ అది పనిచెయ్యలేదు. విప్పి చూస్తే కాయిల్ చుట్టూ సున్నం గుల్లలా తెల్లగా పేరుకుపోయి ఉంది. గోటితో గీకితే రాలేదు. స్క్రూడ్రైవర్‌తో కొడితే పెంకుల్లా ఊడింది. కింద కాయిల్ చిట్లి ఉంది. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ట్యాంకర్ నీళ్లూ అంతే. ఏడాదికోసారి కాయిల్ తీసి శుభ్రం చెయ్యాలని నాకు తెలుసు. రెండేళ్లుగా చేయించలేదు. ఆ తప్పు నాదే.

ఇంకో తప్పు కూడా ఉంది. కాయిల్ బాగున్నా మీకు పొద్దున ఆరింటికి వేడినీళ్లు వచ్చేవి కావు. మా అబ్బాయి తెల్లారి ఐదింటికి స్విచ్ వేస్తున్నాడు. 300 లీటర్లు స్నానానికి సరిపడా కాగాలంటే ఆ కాయిల్‌కి ఐదు గంటలు పడుతుంది. ఎండ లేని రోజు రాత్రి పన్నెండుకే వెయ్యాలి. అది తెలియక రిసెప్షన్‌లో మీకు “పది నిమిషాలు వదలండి సార్, వస్తాయి” అని చెప్పారు. మీరు అరగంట కుళాయి వదిలేసి కూర్చున్నారు. ఆపరేషన్ అయిన మనిషికి తలస్నానం కుదరదు, ఒళ్లు తుడవడానికి ఒక్క బకెట్ గోరువెచ్చని నీళ్లు చాలు. ఆ ఒక్క బకెట్ కూడా ఇవ్వలేకపోయామని చదివినప్పుడు చాలా బాధేసింది. అమ్మగారికి నా క్షమాపణ చెప్పండి.

కొత్త కాయిల్ వేయించాను, టైమర్ పెట్టించాను. రోజూ పొద్దున ఐదున్నరకి ట్యాంకుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న మూడో అంతస్తు గదిలో నీళ్లు పట్టి, థర్మామీటర్‌తో చూసి పుస్తకంలో రాస్తున్నారు. 45 డిగ్రీలు లేకపోతే గదికి బకెట్‌లో కాచిన నీళ్లు పంపాలి.

ఇక బిల్లు. “మూడు గంటలు ఆలస్యమైనందుకు 1,680 రూపాయలు గుంజారు” అని రాశారు. ఇది మాత్రం అలా జరగలేదండి. మాది 24 గంటల చెక్అవుట్. రిజిస్టర్‌లో మీరు దిగింది పొద్దున 6:40కి, ఖాళీ చేసింది నాలుగో రోజు పదింపావుకి. ఆలస్యానికి మేమేమీ వెయ్యలేదు. ఆ 1,680 మీ చెల్లెలుగారి కోసం తెచ్చిన పరుపుది, రోజుకు 500 చొప్పున మూడు రోజులకు, పన్నుతో కలిపి. కానీ బిల్లులో దాన్ని “అదర్స్” అని కొట్టారు, దిగేటప్పుడు రేటు చెప్పలేదు. మీ స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి. పైగా లెక్క చూస్తుంటే మీరు గమనించని పొరపాటు బయటపడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి మాలాంటి గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. గది అద్దెకు మార్చారు, పరుపు లైనుకు మార్చలేదు. ఆ 1,500 మీద 75 పడాల్సింది 180 పడింది.

రేటు ముందు చెప్పలేదు కాబట్టి పరుపు డబ్బు మొత్తం 1,680 వెనక్కి ఇస్తున్నాను. రెండు పొద్దులు ఇబ్బంది పడ్డందుకు ఆ రెండు రోజుల అద్దెలో సగం, పన్నుతో కలిపి 1,890. మొత్తం 3,570. మీరు కట్టిన యూపీఐకే రేపు సాయంత్రంలోగా వస్తుంది, క్రెడిట్ నోట్ వాట్సాప్‌లో పంపిస్తాను.

రోడ్డు చప్పుడు విషయంలో నేను చెయ్యగలిగింది తక్కువ. ముందువైపు గదుల్లో రాత్రి పదకొండు దాకా బస్సుల మోత ఉంటుంది. ఇకమీదట ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్లకి ఆ గదులు ఇవ్వొద్దని చెప్పాను.

అమ్మగారిని మళ్లీ చూపించడానికి వస్తారు కదా. మొదటి అంతస్తులో వెనకవైపు 104కి విడిగా గీజర్ పెట్టించాను. ముందురోజు ఫోన్ చేస్తే అది మీకే ఉంచుతాను. రాకపోయినా పైన చెప్పిన డబ్బు మీదే. మీరు రాసింది తీసెయ్యమని అడగను. పరుపు డబ్బు సంగతి ఒక్కటి మాత్రం, మీకు సరే అనిపిస్తే, సరిచెయ్యండి.