జాగ్రత్త: పాస్‌పోర్టు ఏజెంటు చెప్పే "గవర్నమెంటు ఫీజు"ను నమ్మకండి, పూర్తి రసీదు అడగండి

ఇది ఈ రోజు మధ్యాహ్నం జరిగింది. కోపం చల్లారాక రాద్దామనుకుంటే సగం మరిచిపోతాను, మిగతా సగం మొహమాటంతో వదిలేస్తాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మకు 63 ఏళ్లు. విదేశంలో ఉన్న చెల్లెలికి కాన్పు దగ్గర పడింది, అమ్మ వెళ్లాలి. ఇదే తనకు మొదటి పాస్‌పోర్టు. నాకు ఆఫీసు పనితో తీరిక లేక, పాస్‌పోర్టు సేవా కేంద్రానికి దగ్గరలోని ఒక ఆన్‌లైన్ సేవల దుకాణంలో పని అప్పగించాను. అలాంటి దుకాణాలు అందరికీ తెలిసినవే, ప్రతి కేంద్రం పక్కనా నాలుగైదు ఉంటాయి. 4,500 అడిగాడు. "గవర్నమెంటు ఫీజే 3,500 అండి, నాకు మిగిలేది వెయ్యి" అన్నాడు. ఫారం నింపి, ఫీజు కట్టి, అపాయింట్‌మెంటు తీసిపెట్టినందుకు వెయ్యి కాస్త ఎక్కువే అనిపించినా అడిగినంతా ఇచ్చేశాను. రెండు రోజుల తరువాత వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. అది రసీదు కాదు, రసీదులో అపాయింట్‌మెంటు తేదీ, సమయం ఉన్న భాగం మాత్రమే. మిగతా కాగితం ఏమైందని నేను అడగలేదు. అడగవలసింది.

రేపు అమ్మ అపాయింట్‌మెంటు. నిన్న రాత్రి నుంచి ఆమెకు జ్వరం. తేదీ మార్చమని పొద్దున ఫోను చేస్తే, "మార్చవచ్చు కానీ దానికి మళ్లీ గవర్నమెంటుకు వెయ్యి కట్టాలి, దుకాణానికి రండి" అన్నాడు. నేనే మార్చుకుందామని చూస్తే లాగిన్ నా దగ్గర లేదు. అతను తన ఈమెయిల్‌తో, తన ఫోను నంబరుతో ఖాతా తెరిచి అందులో అమ్మ దరఖాస్తు పెట్టాడు. పాస్‌వర్డు మార్చాలన్నా ఆ లింకు అతని మెయిల్‌కే వెళుతుంది. అంటే అమ్మ దరఖాస్తు తాళంచెవి అతని జేబులో ఉంది. చేసేది లేక వెళ్లి వెయ్యి ఇచ్చాను.

డబ్బు గల్లాపెట్టెలో వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను కౌంటరు పక్కకు జరిగి తెర కనబడేలా నిలబడ్డాను. లాగిన్ అయ్యాడు. అమ్మ పేరుకు పైనా కిందా ఇంకెవరెవరి పేర్లో, పుట్టిన తేదీలతో సహా వరుసగా కనిపించాయి. అందరి దరఖాస్తులూ ఒకే ఖాతాలో పెట్టాడన్నమాట. అమ్మ వరుసను ఎంచుకుని Reschedule Appointment నొక్కాడు. ఖాళీ ఉన్న తేదీ వచ్చింది, తెర మీద కనబడే అక్షరాలు టైపు చేశాడు, సరే అన్నాడు. అంతే, తేదీ మారిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. డబ్బు కట్టమనే పేజీ ఎక్కడా రాలేదు. కార్డు తీయలేదు, ఫోనులో స్కాన్ చేయలేదు, బ్యాంకు మెసేజ్ మోగలేదు.

"ఆ వెయ్యి ఎక్కడ కట్టారు?" అని అడిగాను.

అతను తల కూడా తిప్పలేదు. "పని అయిందా లేదా? లెక్కలన్నీ మీకెందుకండీ" అన్నాడు. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే, "ఇంత తెలిసినవాళ్లు ఇంట్లో కూర్చుని చేసుకోవలసింది, ఇక్కడికి ఎందుకు వచ్చారు?" అని కూడా అన్నాడు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నిజమే, ఇంట్లో కూర్చుని చేసుకోవలసిందే. తీరిక లేక నమ్మి వచ్చాను, మోసపోవడానికి రాలేదు.

అప్పుడు పట్టుబట్టి, మారిన తేదీతో పూర్తి రసీదు ప్రింటు తీయించాను. ఇవ్వను, ఫోటో పంపుతానన్నాడు. కాగితం చేతికి వచ్చేదాకా కదలనన్నాను. ఇచ్చాడు. అందులో కట్టిన ఫీజు దగ్గర 1,350 అని ఉంది.

మూడు సార్లు చూశాను. 3,500 కాదు, 1,350.

ఆ అంకె ఎలా వచ్చిందో బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఫోనులో వెతికితే తెలిసింది. పెద్దవాళ్లకు పదేళ్లు చెల్లే 36 పేజీల పాస్‌పోర్టుకు మామూలు ఫీజు 1,500. 60 ఏళ్లు దాటినవారికీ, 8 ఏళ్ల లోపు పిల్లలకూ కొత్త పాస్‌పోర్టు మీద పది శాతం తగ్గింపు ఉంది. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు 2017లో ప్రకటించారు. అమ్మ వయసుకు ప్రభుత్వం వదులుకున్న 150 రూపాయలను కూడా ఇతను వదలలేదు. మొత్తం నేనిచ్చింది 5,500. ప్రభుత్వానికి చేరింది 1,350. తన కూలి అని అతనే చెప్పిన వెయ్యి తీసేసినా 3,150 మిగులుతుంది. ఆ 3,150 ఫీజూ కాదు, కూలీ కాదు, అబద్ధం చెప్పి తీసుకున్న డబ్బు.

తేదీ మార్చడం గురించి కూడా చెప్పాలి. ఒకసారి కట్టిన ఫీజు మీద ఏడాది లోపల మూడు సార్ల దాకా అపాయింట్‌మెంటు మార్చుకోవచ్చు, దానికి విడిగా రుసుము లేదు. జ్వరంతో పడుకున్న మనిషి పేరు చెప్పి అతను నా దగ్గర తీసుకున్న వెయ్యి దీనికే.

అతను 3,500 అనే అంకెనే ఎందుకు చెప్పాడో కూడా ఇప్పుడు అర్థమవుతోంది. అది గాలిలోంచి తీసిన అంకె కాదు. తత్కాల్‌లో తీసుకుంటే 1,500కు అదనంగా 2,000 కట్టాలి, కలిపి 3,500. ఎవరైనా అనుమానం వచ్చి వెతికినా ఆ అంకె ఎక్కడో ఒకచోట కనబడి నిజమే అనిపిస్తుంది. అమ్మది మామూలు దరఖాస్తు, రసీదులో ఆ మాట స్పష్టంగా ఉంది. నిజంగా తత్కాల్‌లో వెళ్లేవాళ్లకు ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడు కట్టించుకునేది మామూలు ఫీజు మాత్రమే. ఆ పై 2,000 కేంద్రానికి వెళ్లిన రోజు అక్కడ కడతారు. ఏజెంటు ముందే 3,500 తీసుకుంటే, కేంద్రంలో ఆ 2,000 మీరు మళ్లీ జేబులోంచి తీయవలసి వస్తుంది. అప్పుడు అతన్ని అడిగితే ఏం సమాధానం వస్తుందో పైన చదివారు.

వచ్చేస్తుంటే ఇంకో మాట అన్నాడు. పోలీసు వెరిఫికేషన్‌కు "కొంత" అవుతుందట, తనకు ఇస్తే తానే చూసుకుంటాడట. ఆ వెరిఫికేషన్‌కు దరఖాస్తుదారు కట్టవలసిన రుసుము అంటూ ఏదీ లేదు.

ఏజెంట్లందరూ దొంగలని నేను అనడం లేదు. ఫారం నింపడం రానివాళ్లు, ఇంగ్లీషు చదవలేనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు చేసిపెట్టినవాడు కూలి తీసుకోవడం న్యాయం. 2013లో కామన్ సర్వీస్ సెంటర్ల ద్వారా పాస్‌పోర్టు దరఖాస్తులు మొదలుపెట్టినప్పుడు ఫారం నింపి, అపాయింట్‌మెంటు తీసి ఇచ్చే పనికి 100 రూపాయలు అని నిర్ణయించారు. బయటి దుకాణంవాడు అంతకు ఎక్కువ అడిగితే అడగనివ్వండి, ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే లేదు. కానీ తన కూలిని తన కూలి అని చెప్పాలి. దాన్ని ప్రభుత్వ ఫీజు అని చెబితే మనం బేరం కూడా ఆడం. ప్రభుత్వ రుసుముతో ఎవరు బేరమాడతారు? అక్కడే మనల్ని కొడతారు.

లోపల తనకు తెలిసినవాళ్లు ఉన్నారని చెప్పేవాళ్లను కూడా నమ్మకండి. ఏయే కేంద్రంలో ఏ తేదీకి ఖాళీ ఉందో పోర్టల్‌లో Check Appointment Availability దగ్గర ఎవరైనా చూడవచ్చు, లాగిన్ కూడా అక్కరలేదు. అతనికి దొరికే తేదీ, మీకు దొరికే తేదీ ఒకటే.

ఇప్పటికే ఏజెంటుకు ఇచ్చేసినవాళ్లు ఈ రాత్రే ఒక పని చేయండి. పూర్తి రసీదు తెప్పించుకుని, కట్టిన మొత్తం చూడండి. ఆ తరువాత ఫారంలో ఎవరి ఫోను నంబరు ఉందో చూడండి. వెరిఫికేషన్‌కు వచ్చే పోలీసులు ఆ నంబరుకే ఫోను చేస్తారు. అది ఏజెంటుదైతే కబురు మీకు చేరదు, ఇంట్లో లేరని రాసుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది. కేంద్రంలో మొదటి కౌంటరులో కాగితాలు స్కాన్ చేసి వివరాలు సరిచూసేటప్పుడే చెప్పి నంబరు మార్పించుకోండి. ఇంకా ఇవ్వనివాళ్లు passportindia.gov.in తప్ప మరే సైటులోనూ డబ్బు కట్టకండి. పేరు కాస్త అటూ ఇటూగా పెట్టుకున్న నకిలీ సైట్లు ఉన్నాయని ఆ సైటులోనే హెచ్చరించారు. ఫీజు ఎంతో చెప్పే Fee Calculator కూడా అక్కడే ఉంది. వయసు, తత్కాలా మామూలా అన్నది ఇస్తే అంకె చూపిస్తుంది. ఆ ఒక్క నిమిషం నేను ముందే పెట్టి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

అమ్మకు ఇంకా చెప్పలేదు. తన కోసమే ఇంత ఖర్చయిందని బాధపడుతుంది. అపాయింట్‌మెంటు వచ్చే గురువారానికి మారింది. పెద్దవాళ్లతో ఒకరిని లోపలికి రానిస్తారు కాబట్టి సెలవు పెట్టి నేనే తీసుకెళతాను. మొదటి కౌంటరులోనే ఆ నంబరు కొట్టేయించి నాది రాయిస్తాను. 3,150 తిరిగి ఇవ్వమని రసీదు ఫోటోతో అతనికి మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు.