సోలార్ స్క్రిప్టులో మెట్ల బొమ్మ: రెండేళ్లు వాడాక

ఇళ్ల మీద సోలార్ పెట్టించే పనిలో ఉన్నాను. వైజాగ్‌లో ఇంటి యజమానులకు చూపించడానికి ఐదు నిమిషాల వీడియో స్క్రిప్టు ఒకటి రాయించుకుని, రెండేళ్లుగా ట్యాబ్‌లో వేసి చూపిస్తున్నాను.

అందులో నాకు బాగా పనికొచ్చింది మెట్ల బొమ్మ. మన కరెంటు బిల్లును మెట్లుగా గీశారు. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. సోలార్ వచ్చాక పై మెట్టు నుంచి ఒక్కొక్కటే చెరిగిపోతూ వస్తుంది. ఖరీదైన యూనిట్లే ముందు పోతాయన్నమాట.

దాని పక్కనే రెండు ఇళ్లు కనిపిస్తాయి. రెండింటికీ 3 కిలోవాట్ల ప్యానెల్సే, వాటి నుంచి నెలకు సగటున 330 యూనిట్లు వస్తాయి. ఖర్చు లక్షా తొంభై వేలు అనుకుంటే, పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోగా లక్షా పన్నెండు వేలు. నెలకు 400 యూనిట్లు వాడే ఇంట్లో యూనిట్ల ఛార్జీలోనే దాదాపు 2,370 మిగులుతుంది, నాలుగేళ్లలో పెట్టుబడి వెనక్కి వస్తుంది. 200 యూనిట్ల ఇంటికి మొత్తం ఛార్జీయే 867. అంతకంటే ఏం మిగులుతుంది? పదేళ్లు దాటుతుంది. అదనపు కరెంటు గ్రిడ్‌కి వెళ్తే కొంత వస్తుంది కానీ, దాన్ని లెక్కలో వేసుకుని ఆశపడక్కర్లేదు.

మొదట్లో స్క్రిప్టులో ఒక తప్పు ఉండేది. నెలనెలా ఉత్పత్తిని ఒకే ఎత్తు గీతలుగా చూపించేది. ఆగస్టు రాగానే ఫోన్లు మొదలు: "మీరు పెట్టిన ప్యానెల్స్ పాడయ్యాయా?" పాడవలేదు, మబ్బులు. మేలో రోజుకు 14 యూనిట్లు వచ్చిన ఇంట్లో వానల్లో 8 కూడా కష్టం. ఇప్పుడు పన్నెండు నెలలూ ఎత్తుపల్లాలతో గీయించాను. ఆ టెన్షన్ ఫోన్లు తగ్గాయి. పదో ఏడు దగ్గర ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చని, మిగులు చూపించే గీతలో కిందికి ఒక గుంత కూడా పెట్టించాను. "బిల్లు సున్నా" అనే మాట తీయించేశాను, ఫిక్స్‌డ్ ఛార్జీలు ఉంటాయి కదా.

లోటు ఏంటంటే, రేపు ఏసీ కొనే ఇంటి లెక్క ఇందులో లేదు. నోటితో చెప్పాల్సి వస్తోంది. పోర్టు వైపు ఇళ్లలో ప్యానెల్స్ మీద పేరుకునే నల్ల దుమ్ము సంగతీ లేదు, అది తుడవకపోతే ఉత్పత్తి తగ్గుతుంది.

ఎంవీపీ కాలనీలో రిటైరైన ఒకాయన మెట్ల బొమ్మను రెండుసార్లు వేయించుకుని చూశారు. "బాబూ, నేను వాడేది 200 లోపే. నాకు మూడెందుకు?" అన్నారు. 1 కిలోవాట్ చాలన్నాను. సబ్సిడీ పోగా నలభై వేలు, నెలకు ఆరొందలు మిగులుతాయి, ఐదున్నరేళ్లు. అదే పెట్టించుకున్నారు. ఆఫీసులో మాత్రం చిన్న ఆర్డరని నా మీద గొణిగారు.