పాత ఈమ్స్ లౌంజ్ చెయిర్: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు రూపొందించగా 1956లో హెర్మన్ మిల్లర్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన కుర్చీ ఇది. నా దగ్గరున్నది పాత రోజ్‌వుడ్ రకం. గంటల తరబడి చదువుకోవడానికి ఇంతకన్నా హాయైన కుర్చీ నాకు తెలీదు. కూర్చునే కోణం మారదు. సీటు 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, అంతే. మీట లాగితే పడక కుర్చీలా వాలిపోయేది ఎదురైతే అది నకలే.

కొనేవాళ్లు ముందు సీటు కింద లేబుల్ వెతుకుతారు. తొలినాళ్లలో గుండ్రటి బిళ్ల, తర్వాత దీర్ఘచతురస్రపు లేబుళ్లు వచ్చాయి. యూరప్‌లో వీటిని తయారుచేసే విట్రా కంపెనీ పేరున్నవీ అసలువే. అయితే లేబుల్ జిగురు ఎండి రాలిపోవచ్చు, వేరే కుర్చీది తెచ్చి అంటించనూవచ్చు. అందుకే లేబుల్ చెప్పే కాలానికి చెక్క కూడా సాక్ష్యం చెప్పాలి.

దానికి ప్లైవుడ్ అంచు చూడాలి. పాత రోజ్‌వుడ్ కుర్చీల్లో అయిదు పొరలుంటాయి. 1990ల మొదట్లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడకం ఆగిపోయాక వచ్చినవాటిలో ఏడు. అంచుకు రంగు పూసి పొరలు కనబడకుండా చేశారంటే అనుమానించాల్సిందే. వెనీర్ అంటే ప్లైవుడ్ పైన అంటించే పల్చటి చెక్క పొర. రోజ్‌వుడ్ వెనీర్‌లో ముదురు గోధుమ మీద నల్లటి చారలు ఎక్కడా ఒకేలా సాగవు. నకళ్లలో ఎర్రటి, సమానమైన చారలు ఎక్కువ. కానీ ఎరుపు చూసి తీర్పు చెప్పేయకండి. 2006 నుంచి కంపెనీయే ఎర్రటి ఛాయ ఉండే సాంటోస్ పాలిసాండర్ అనే చెక్క వెనీర్‌తో చేస్తోంది. ఉదాహరణకు, "1960ల నాటిది" అంటూ గుండ్రటి బిళ్లున్న కుర్చీ చూపిస్తే అంచున ఏడు పొరలు లెక్కకొచ్చాయనుకోండి. కుర్చీ అసలుదే కావచ్చు, కానీ ఆ బిళ్ల దానిది కాదు. 1960ల ధర ఇవ్వనక్కర్లేదు.

ఇక అతుకులు. వీపు చెక్కల బయటి వైపున ఎక్కడా మరల తలలు కనిపించకూడదు. చెక్కకు లోపలి వైపు అంటించిన రబ్బరు దిమ్మల్లోకే మరలు బిగుస్తాయి; వీపు కాస్త సాగినట్టు కదిలే హాయి వాటి వల్లే. ఈ కుర్చీ అసలు బలహీనతా అక్కడే. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పగులుతుంది, లేదా చెక్క నుంచి ఊడొస్తుంది. అప్పుడు బరువంతా మిగిలిన దిమ్మల మీద పడి, వీపు ఒక్కసారిగా ఊడి, ప్లై పొర కూడా చీలిపోతుంది. కొనే ముందు చేతి ఆనింపు పక్కన టార్చి వేసి రబ్బరులో పగుళ్లున్నాయేమో చూడండి. వీపును మెల్లగా నొక్కినప్పుడు ఒక పక్క ఎక్కువగా కదిలితే దిమ్మ వదిలేసినట్టే. కుర్చీని చేతి ఆనింపులు పట్టుకుని ఎత్తడం కూడా వాటికి చేటే.

దిమ్మలు కొత్తవి దొరుకుతాయి. పాత జిగురు పూర్తిగా గీకేసి ఎపాక్సీ జిగురుతో అంటించాలి. కొందరు చెక్కకు ఈ వైపు నుంచి ఆ వైపుకు రంధ్రం చేసి బోల్టు వేస్తారు. అది గట్టిగానే నిలుస్తుంది, కానీ వెనీర్‌కు పడ్డ ఆ రంధ్రం పూడదు, పాత కుర్చీ విలువ బాగా పడిపోతుంది.