మూడేళ్లు ఛాతీకి కట్టుకున్న పట్టీ: చూపించేది, చూపించనిది

గుండె వేగాన్ని కొలిచే ఈ చెస్ట్ స్ట్రాప్‌నీ దాని జత వాచీనీ కొని మూడేళ్లు దాటింది. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున విజయవాడలో పరుగెత్తుతాను. వయసు 46, బరువు 68 కిలోలు. ముందు ఫిర్యాదులు చెప్పేస్తాను. పట్టీని పొడిగా కట్టుకుంటే మొదటి పది నిమిషాలు 190, 200 అని పిచ్చి అంకెలు వస్తాయి. లోపలివైపు కాస్త నీళ్లు రాస్తే సరిపోతుంది. ఏడాదికే ఎలాస్టిక్ సాగిపోయింది, కొత్తది కొన్నాను. వాచీ అడుగున ఉన్న ఆకుపచ్చ లైటును మాత్రం పరుగులో నమ్మను. ఒక్కోసారి అది గుండెను వదిలేసి నా అడుగులు లెక్కపెడుతుంది.

పట్టీ మాత్రం గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో కచ్చితంగా చెబుతుంది. కొట్టుకున్న ప్రతిసారీ ఎంత రక్తం తోసిందో చెప్పదు. దాన్నే స్ట్రోక్ వాల్యూమ్ అంటారు, నా దమ్ము ఎంతన్నది ఎక్కువగా తేలేది అక్కడే. అందుకే నేను ఆ అంకెను వెనక నుంచి లెక్కకట్టడం నేర్చుకున్నాను.

కొన్న కొత్తలో కిలోమీటరు ఏడు నిమిషాల వేగంతో పరుగెత్తితే 162 చూపించేది. ఇప్పుడు అదే వేగానికి 144. బరువు మారలేదు కాబట్టి ఆ వేగానికి ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ కూడా పెద్దగా మారదు, నిమిషానికి దాదాపు 2.2 లీటర్లు. అప్పుడు ఒక్కో స్పందన మోసింది 13.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్, ఇప్పుడు 15 పైనే. లీటరు రక్తంలో ఉండే 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌లో కండరాలు 135 దాకా లాక్కుంటున్నాయనుకుంటే, స్ట్రోక్ వాల్యూమ్ 100 నుంచి 112 మిల్లీలీటర్లకు పెరిగినట్టు. ఇది అంచనాయే. లాక్కునే శక్తి కూడా కొంత పెరిగి ఉండొచ్చు.

నిలబడి ఉన్నప్పుడు సుమారు 70 మిల్లీలీటర్లు ఉండే స్ట్రోక్ వాల్యూమ్ పరుగులో 100 ఎలా అవుతుంది? కాళ్ల కండరాలు బిగిసిన ప్రతిసారీ సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతాయి. లోతుగా పీల్చే ఊపిరి దాన్ని ఛాతీలోకి లాగుతుంది. గుండె గది నిండే కొద్దీ దాని గోడ సాగుతుంది, సాగిన గోడ మరింత బలంగా ముడుచుకుంటుంది. అడ్రినలిన్ ఆ ముడుచుకోవడాన్ని ఇంకా గట్టి చేస్తుంది. పనిచేసే కండరాల్లో రక్తనాళాలు విప్పారి దారి ఇస్తాయి. అయితే నాలాంటి మామూలు మనిషిలో ఈ పెరుగుదల సగం శ్రమకే దాదాపు ఆగిపోతుంది. ఆ పైన వేగం పెంచితే పెరిగేది ఎక్కువగా స్పందనల సంఖ్యే, దానికీ ఒక హద్దుంది.

ఆ హద్దు నాకు ఎంతో ఒక ల్యాబ్‌లో మాస్కు పెట్టి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించినప్పుడు తెలిసింది. గుండె వేగం 182 దగ్గర ఆగింది, ఆక్సిజన్ నిమిషానికి 3.1 లీటర్లు, అంటే కిలోకు 45 మిల్లీలీటర్ల పైచిలుకు. ఈ గరిష్ఠ ఆక్సిజన్ అంకెనే వీఓటూ మ్యాక్స్ అంటారు, వాచీ చెప్పేది 41. తేడా ఎక్కడిదంటే, 220 లోంచి వయసు తీసేసి నా గరిష్ఠ గుండె వేగం 174 అని అది ముందే రాసుకుంది. దాంతో 144 దగ్గరే నేను బాగా కష్టపడుతున్నానని దాని లెక్క. సెట్టింగ్స్‌లో 182 వేశాక అంకె దారిలోకి వచ్చింది. కొన్నవాళ్లు ముందు చేయాల్సిన పని ఇదే.

కాళ్లే ముందు చేతులెత్తేస్తాయని చాన్నాళ్లు అనుకున్నాను. ఒకసారి రక్తదానం చేశాక సందేహం వచ్చింది. ఇచ్చింది 350 మిల్లీలీటర్లు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, ఎర్ర కణాలకు మాత్రం వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ అదే ఏడు నిమిషాల వేగానికి 151, 152 చూపించింది. కాళ్లు అవే, గుండె అదే, లీటరు రక్తం మోసే ఆక్సిజన్ తగ్గింది. వేగం పెంచబోతే మామూలు కంటే ముందే ఆయాసం. కండరాలకు అడిగే శక్తి ఉంది, అందించే చోటే కొరత.

మే నెలలో ఇంకో రకం. తెల్లవారి ఐదున్నరకే ఉక్కపోత. 145తో మొదలైన పరుగు అదే వేగంలో గంట తిరిగేసరికి 163 చూపిస్తుంది. చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, ఒంటిని చల్లబరచడానికి కొంత రక్తం చర్మానికి మళ్లుతుంది, గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. స్ట్రోక్ వాల్యూమ్ పడిపోతుంది, ఆ లోటును స్పందనలు పూడుస్తాయి. నా వాచీకి ఎండ లెక్క తెలియదు, ఫిట్‌నెస్ పడిపోయిందని మూడు పాయింట్లు కోసేస్తుంది. మొదటి ఏడాది ఆ టెన్షన్‌లో ఇంకా గట్టిగా పరుగెత్తి ఒంటిని అలిసిపోయేలా చేసుకున్నాను. ఇప్పుడు మే, జూన్ అంకెలు చూడను. డిసెంబరు అంకెను డిసెంబరుతోనే పోలుస్తాను.

బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్లకు మాత్రం ఇది సరిపడదు. ఆ మందు గుండె వేగాన్నే అణిచేస్తుంది కాబట్టి వాచీ లెక్కలన్నీ తప్పుతాయి. మిగతావాళ్లు పట్టీ కొనొచ్చు. వాచీలో ఖరీదైన మోడల్‌కు వెళ్లక్కర్లేదు.