కాఫీకి ముందు బ్రషా, తర్వాత బ్రషా, ఉత్త నీళ్లతో పుక్కిలిస్తే చాలా?

నేను చెన్నైలో పళ్ల డాక్టర్ని. నెల్లూరు నుంచి మొన్న ఉద్యోగానికి వచ్చిన కుర్రాళ్ల దగ్గర్నుంచి, మూడు తరాలుగా మాంబళంలోనే ఉంటున్న మామ్మల దాకా, నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు చాలామంది అడిగేది ఇదే: "డాక్టరుగారూ, కాఫీ మానలేను. పళ్లు పచ్చబడుతున్నాయి. కాఫీ తాగాక బ్రష్ చేసుకుంటే మేలా, ముందు చేసుకుంటే మేలా?" ఈ నెలలో ఎంతమంది అడిగారో లెక్క తప్పింది, అందుకే ఒకసారి తీరిగ్గా రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. బ్రష్ కాఫీకి ముందు, నీళ్లు కాఫీ తర్వాత. అలాగని మిగతా పద్ధతులు పాటించేవాళ్లు తెలివితక్కువగా చేస్తున్నారని కాదు, వాళ్లకీ కారణాలున్నాయి.

కాఫీ తర్వాత బ్రష్ చేసేవాళ్ల లెక్క సూటిగా ఉంటుంది. మరక పడింది, కడిగేశాం. గిన్నెల విషయంలో ఇది నిజమే కానీ పన్ను గిన్నె లాంటిది కాదు. పన్ను మీద ఎప్పుడూ ఉమ్మిలోని ప్రొటీన్లతో ఏర్పడిన సన్నటి పొర ఒకటి ఉంటుంది, తోమినా కొన్ని నిమిషాల్లోనే మళ్లీ పట్టేస్తుంది. కాఫీలో రంగునిచ్చే పదార్థాలు అంటుకునేది ఆ పొరకి, దాని మీద పేరుకున్న పాచికి. రాత్రంతా పాచి పట్టి ఉన్న నోటితో బెడ్ కాఫీ తాగితే, ఆ పాచి స్పాంజిలా రంగును పీల్చుకుంటుంది. పైగా అందులోని బ్యాక్టీరియా కాఫీలో పంచదార దొరగ్గానే ఆమ్లం తయారుచేస్తుంది. అదే ముందు బ్రష్ చేసుకుంటే పాచి పోతుంది, పేస్టులోని ఫ్లోరైడు పన్ను మీద ఉంటుంది, కాఫీ వచ్చేసరికి అది అంటుకోడానికీ బ్యాక్టీరియా తినడానికీ తక్కువ మిగులుతుంది.

రెండో చిక్కు ఎనామిల్, అంటే పన్ను మీది గట్టి పైపొర సంగతి. ఆమ్లం ఎంత ఉందో చెప్పే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నోట్లో పీహెచ్ దాదాపు 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్ లోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. పాలు లేని కాఫీ 5 దగ్గర ఉంటుంది, అంటే గీత దాటుతుంది కానీ కొంచెమే. పాలు పోస్తే ఇంకా నయం. నిమ్మరసం 2కి కాస్త పైన ఉంటుంది, దానితో పోలిస్తే కాఫీ చాలా సాధువు. కాబట్టి "కాఫీ తాగిన వెంటనే బ్రష్ చేస్తే ఎనామిల్ అంతా ఊడిపోతుంది" అని భయపెట్టేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అయితే మన కాఫీలో పంచదార ఉంటుంది, దాంతో పాచి తయారుచేసే ఆమ్లం అర్ధగంట నుంచి గంట దాకా నోట్లో నిలుస్తుంది. ఆ సమయంలో పన్ను పైపొర కాస్త మెత్తబడి ఉంటుంది, దాని మీద గట్టి బ్రష్ పెట్టి రుద్దితే అరుగుదల ఎక్కువ. ఒక్కరోజులో ఏమీ తెలియదు. రోజూ, ఏళ్ల తరబడి చేస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక పేషెంటు సంగతి చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయం గట్టిపడింది ఆయన్ని చూశాకే. ముప్ఫై ఆరేళ్లుంటాయి, ఇక్కడి ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో ఆవిడ ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ పోసిస్తే పదింటి నుంచి ఒంటిగంట దాకా డెస్క్ దగ్గర గుక్క గుక్కగా తాగేవారు. పళ్లు రంగు మారుతున్నాయన్న టెన్షన్‌తో ఆఫీసులో బ్రష్ పెట్టుకుని, ఫ్లాస్కు ఖాళీ అవగానే హార్డ్ బ్రష్‌తో బాగా రుద్దేవారు. ఆరేళ్లుగా ఇదే అలవాటు. "పళ్లు తెల్లగా చేసే ట్రీట్‌మెంట్ కావాలి" అని వచ్చారు.

నోట్లో చూస్తే రెండు వేర్వేరు సమస్యలున్నాయి, ఆయన రెండింటినీ కాఫీ మరకలే అనుకుంటున్నారు. కింది ముందుపళ్ల లోపలివైపు, పళ్ల సందుల్లో గోధుమరంగు గార గీతలుగా పట్టి ఉంది. అది అసలైన కాఫీ మరక. అరగంట క్లీనింగ్‌లో పోయింది. కానీ కోరపళ్ల దగ్గర, చిగురు పక్కన కనిపించిన పసుపు పోలేదు. పోదు కూడా. అది మరక కాదు, ఎనామిల్ అరిగిపోయి లోపలి డెంటిన్ కనబడటం. డెంటిన్ సహజంగానే పసుపు. అక్కడ గోరు పెట్టి పైనుంచి చిగురు వైపు జరిపితే చిన్న గాడిలో తట్టుకుంది. చల్లనీళ్లు తగిలితే ఆ రెండు పళ్లూ జివ్వుమంటున్నాయని అప్పుడు చెప్పారు.

ఇంట్లో మీరూ తేడా పట్టుకోవచ్చు. గార మచ్చలుగా, గీతలుగా, బ్రష్ సరిగా అందని చోట ఉంటుంది, నొప్పి ఉండదు. అరుగుదల అయితే చిగురు దగ్గర నున్నటి గాడిలా ఉంటుంది, పసుపు ఒకే తీరున పరుచుకుని ఉంటుంది, చల్లనివి తగిలితే జివ్వుమంటుంది. ముందుపళ్ల అంచులు గాజులా పారదర్శకంగా కనిపించడమూ ఎనామిల్ పల్చబడిందనడానికి ఒక గుర్తే. గార ఉంటే క్లీనింగ్‌తో సరిపోతుంది. అరిగిన ఎనామిల్ మాత్రం తిరిగి పెరగదు, మరీ జివ్వుమంటే ఆ గాడిని పన్ను రంగు మెటీరియల్‌తో నింపడమే దారి. ఆయనకి అదే చేశాను. తెల్లబరిచే ట్రీట్‌మెంట్ వద్దన్నాను, ఎందుకంటే ఆ పెరాక్సైడు జెల్ వేస్తే అరిగిన పన్ను ఇంకా జివ్వుమంటుంది.

అలవాట్లలో మూడే మార్చమన్నాను. పొద్దున్న కాఫీకి ముందు మెత్తటి బ్రష్. ఆఫీసు బ్రష్ ఇంటికి తీసుకెళ్లిపోవడం. ఫ్లాస్కు కాఫీ మూడు గంటలు సాగదీయకుండా రెండు దఫాలుగా తాగి, ప్రతి దఫా తర్వాత నీళ్లతో పుక్కిలించడం. ఆరునెలల తర్వాత వచ్చినప్పుడు కింది పళ్ల లోపలివైపు కొద్దిగా గార తప్ప కొత్త మరకల్లేవు, నింపకుండా వదిలిన రెండో వైపు కోరపన్ను దగ్గరి గాడి కూడా లోతవలేదు.

ఈ ముందా తర్వాతా అన్న చర్చ కంటే నాకు ముఖ్యమనిపించేది ఆ మూడు గంటల విషయమే. కాఫీ ఎంత తాగారన్నది కాదు, ఎంతసేపు నోట్లో ఉందన్నది. డబరా గ్లాసులో వేడివేడిగా పది నిమిషాల్లో తాగేస్తే, కాసేపట్లో ఉమ్మి తన పని మొదలుపెట్టి ఆమ్లాన్ని విరిచేసి, కరిగిన ఖనిజాల్లో కొంత మళ్లీ పన్నుకి చేరుస్తుంది. అదే కాఫీని ఐదు నిమిషాలకో గుక్క చొప్పున తాగితే ఉమ్మికి ఆ అవకాశమే రాదు, ప్రతి గుక్కకీ లెక్క మొదటికొస్తుంది. రోజుకి నాలుగు గ్లాసులు గబగబా తాగే పెద్దాయన పళ్లు, ఒకే మగ్గు పొద్దుటంతా తాగే మనవడి పళ్ల కంటే బాగుండటం నేను చూస్తూనే ఉంటాను.

నీళ్లతో పుక్కిలించడం అందుకే నాకిష్టం. పట్టేసిన గారని అది తీయదు, ఆ ఆశ వద్దు. అది చేసేది ఒక్కటే, నోట్లో మిగిలిపోయిన కాఫీనీ పంచదారనీ వెంటనే బయటికి పంపి ఆ "ఎంతసేపు" అన్నదాన్ని తగ్గించడం. పుక్కిటి నిండా నీళ్లు తీసుకుని, బుగ్గలు కదుపుతూ పళ్ల సందుల్లోంచి నీళ్లు దూరేలా ఇరవై సెకన్లు తిప్పి ఉమ్మేయాలి, ఇలా రెండుసార్లు. సింక్ దగ్గరికి వెళ్లలేకపోతే నోట్లో తిప్పి మింగేసినా పర్వాలేదు. మన ఇళ్లల్లో కాఫీకి ముందు మంచినీళ్లు ఇస్తాం, ఇక్కడి హోటళ్లలోనూ గ్లాసు నీళ్లు ముందే తెచ్చి పెడతారు, మనం గటగటా తాగేసి కాఫీ కోసం చూస్తాం. ఆ నీళ్లలో సగం కాఫీ అయ్యాకకి ఉంచుకోండి, అంతే.

"పేస్ట్ రుచితో కాఫీ చేదెక్కుతుందండీ" అంటారు. నిజమే, బ్రష్ చేసిన వెంటనే తాగితే రుచి చెడుతుంది. ఫిల్టర్‌లో పొడి వేసి వేడినీళ్లు పోసి, డికాషన్ దిగే పావుగంటలో బ్రష్ ముగించండి, పాలు కాగేసరికి ఆ రుచి చాలావరకు పోతుంది. రాత్రే డికాషన్ తీసిపెట్టుకునే ఇళ్లల్లో బ్రష్ చేసి స్నానానికి వెళ్లి రండి. లేదు, కళ్లు తెరవగానే కాఫీ పడాల్సిందే అనే పెద్దవాళ్లతో నేను వాదించను. మామ్మా, లేవగానే ఒకసారి నీళ్లు పుక్కిలించి కాఫీ తాగండి, తాగాక మళ్లీ పుక్కిలించండి, అర్ధగంట ఆగి టిఫినుకి ముందు మెత్తగా బ్రష్ చేసుకోండి అని చెబుతాను. ఇది రెండో మంచి దారి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. బొగ్గు పొడి, ఉప్పు వద్దు. గారతో పాటు ఎనామిల్‌నీ గీకుతాయి, మొదటివారం తెల్లగా కనబడి కొన్నేళ్లకి పసుపు పెరుగుతుంది. నిమ్మకాయ, వంటసోడా కలిపి రుద్దడం అంతకంటే చెడ్డది. తెల్లబరిచే పేస్టులు పైమరక కొంత తీస్తాయి, మెత్తటి బ్రష్‌తో వాడితే సరే, పళ్లు జివ్వుమనేవాళ్లు మానేయాలి. చక్కెర లేని చూయింగ్ గమ్ ఉమ్మిని ఊరిస్తుంది, ప్రయాణాల్లో ఫర్వాలేదు. మౌత్‌వాష్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. చిగుళ్ల కోసం డాక్టర్లు రాసే క్లోర్‌హెక్సిడిన్ మందు, కాఫీ టీలతో కలిస్తే తానే గోధుమరంగు మరకలు వేస్తుంది, కాబట్టి చెప్పినన్ని రోజులకు మించి వాడొద్దు, అది వాడిన వెంటనే కాఫీ తాగొద్దు.

పుక్కిలించమన్నాను కదా అని రాత్రి బ్రష్ అయ్యాక కూడా కొందరు నాలుగైదుసార్లు నీళ్లు పోసి కడిగేస్తున్నారు. అక్కడ నా సలహా తిరగబడుతుంది. రాత్రి నురగ ఉమ్మేసి అలాగే పడుకోండి. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుతుంది కాబట్టి, ఆ ఆరేడు గంటలూ పంటికి కాపలా ఉండేది పేస్టులో మిగిలిన ఆ కాస్త ఫ్లోరైడే.