జాగ్రత్త: ‘కేబుల్ అక్కర్లేదు, కొత్త ఆటలన్నీ ఆడుతుంది’ అన్న మాటకు నేను చెల్లించిన మూల్యం

ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న కంప్యూటర్‌లో పవర్ కేబుల్ అక్కర్లేని గ్రాఫిక్స్ కార్డు బిగించి ‘గేమింగ్ పీసీ’ పేరుతో అమ్మేవారు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. పోయిన దసరాకు నేనూ ఒకటి కొన్నాను, ఇంటర్ చదివే మా మేనల్లుడి కోసం. మొత్తం 27,500 రూపాయలు. దుకాణం పేరు చెప్పను. ఆ ఒక్క దుకాణంతో పోయే గొడవ కాదిది. ఇలాంటి జత కొనేముందు ఏం చూడాలో నాకు ముందే తెలిసి ఉంటే సగం డబ్బు మిగిలేది.

కంప్యూటర్ వివరాలు ఇవి. ఇంటెల్ 8వ తరం i5-8500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 180 వాట్ల పవర్ సప్లై, పుస్తకాల అరలో పట్టేంత సన్నని క్యాబినెట్. కార్డు ఆర్‌ఎక్స్ 6400, 4 జీబీ మెమరీ. అమ్మిన ఆయన నా కళ్లముందే జీటీఏ 5 పెట్టి పది నిమిషాలు ఆడించాడు. “చూడండి సార్, ఎక్కడా ఆగడం లేదు. కేబుల్ గొడవే లేదు, కరెంటు మొత్తం స్లాట్ నుంచే. కొత్త ఆటలన్నీ ఇలాగే ఆడతాయి” అన్నాడు. ఆయన ఆడించింది 2015లో కంప్యూటర్లకు వచ్చిన ఆట అన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు.

ఇంటికి తెచ్చాక మావాడు సైబర్‌పంక్ 2077 వేశాడు. ఊరికే నిలబడి చుట్టూ చూస్తే సెకనుకు 35 ఫ్రేములు వస్తున్నాయి. గొప్పగా లేకపోయినా ఆడుకోవచ్చు. కారెక్కి రెండు వీధులు తిరిగేసరికి తెర బిగుసుకుపోయింది. ఒక సెకను ఆగడం, మళ్లీ కదలడం, మళ్లీ ఆగడం. “మామయ్యా, నడిస్తే బాగుంది, బండి తోలితే ఆగిపోతోంది” అన్నాడు. సమస్య ఏమిటో ఆ ఒక్క మాటలోనే ఉంది. అది నాకు అర్థం కావడానికి వారం పట్టింది.

మొదట అనుమానించింది పవర్ సప్లైని. అందరూ చేసే పొరపాటే అది. లెక్క వేస్తే అక్కడ తేడా ఏమీ లేదు. ప్రాసెసర్‌కు 65 వాట్లు, కార్డుకు 53, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి 30 అనుకున్నా 150 దాటదు. ప్రాసెసర్ కొన్ని క్షణాలు 65 కంటే ఎక్కువ లాగుతుంది, దానికీ కాస్త చోటుంది. పైగా కరెంటు చాలకపోతే ఆట ఆగి ఆగి నడవదు, కంప్యూటరే చటుక్కున ఆరిపోతుంది లేదా మళ్లీ మొదలవుతుంది. తిరిగి ఆన్ అయ్యాక Event Viewer తెరిస్తే Kernel-Power, 41 అన్న నమోదు కనిపిస్తుంది. నా దాంట్లో అలాంటిది ఒక్కటీ లేదు.

అసలు సంగతి Task Manager చెప్పింది. Performance విభాగంలో GPU మీద నొక్కితే కింద రెండు గీతలు కనిపిస్తాయి, Dedicated GPU memory, Shared GPU memory అని. మొదటిది కార్డు సొంత మెమరీ. రెండోది, అది నిండిపోతే కంప్యూటర్ ర్యామ్ నుంచి అరువు తెచ్చుకున్నది. ఈ రెండో గీత ఎప్పుడూ కొంచెం ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. మావాడు కారు నడుపుతుంటే మాత్రం మొదటి గీత 4 జీబీ అంచును తాకి అలాగే నిలిచిపోయింది, రెండోది 1.6 జీబీ వరకు ఎగబాకింది. తెర బిగుసుకున్న ప్రతిసారీ అదే వరస. కారులో వేగంగా వెళ్తే కొత్త వీధుల బొమ్మలు గబగబా కావాలి, వాటికి కార్డులో చోటు లేదు.

4 జీబీ కార్డులు ఇంకా ఉన్నాయి కదా, అవన్నీ ఇంతేనా అని మీరు అడగవచ్చు. కాదు, ఈ కార్డు ఈ కంప్యూటర్‌లో పడటం వల్ల నష్టం రెట్టింపైంది. కార్డును గుచ్చే స్లాట్ చూడటానికి పొడవుగా 16 లేన్లదే, అంటే కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా నడిచే దారులు 16. కానీ ఆర్‌ఎక్స్ 6400 వాడుకునేది అందులో 4 లేన్లు మాత్రమే. ఆ చిప్‌ను మొదట ల్యాప్‌టాప్‌ల కోసం తయారుచేశారు. ఈ స్లాట్ల ప్రమాణం పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. దాని 4.0 తరం ఉన్న కొత్త కంప్యూటర్‌లో ఆ నాలుగు లేన్ల మీద సెకనుకు దాదాపు 8 జీబీ ప్రయాణిస్తుంది. నా 8వ తరం యంత్రంలో ఉన్నది 3.0, కాబట్టి సగం, అంటే దాదాపు 4 జీబీ. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 4.0 వచ్చిందే 11వ తరంతో. మార్కెట్లో చౌకగా దొరికే ఆఫీసు కంప్యూటర్లలో ఎక్కువ భాగం అంతకంటే పాతవి.

కార్డు తన సొంత మెమరీ నుంచి సెకనుకు 128 జీబీ చదువుతుంది. దానితో పోలిస్తే 4 ఎంతో చూడండి. పోపు వేస్తూ ఆవాల డబ్బా అందుకోవడం వేరు, నూనె కాగుతుండగా ఆవాల కోసం వీధి చివర కొట్టుకు పరుగెత్తడం వేరు. జీటీఏ 5కు కావలసినవన్నీ వంటింట్లోనే ఉన్నాయి, అందుకే దుకాణంలో అంత నున్నగా నడిచింది.

మీ దగ్గర ఎలా ఉందో చూసుకోవాలంటే GPU-Z అనే ఉచిత ప్రోగ్రాం చాలు. Bus Interface అనే గడిలో నాకు ఇలా కనిపించింది:

```
PCIe x4 4.0 @ x4 3.0
```

ముందున్నది కార్డు చేయగలిగింది, @ తర్వాతది ఈ కంప్యూటర్‌లో దానికి దక్కుతున్నది. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం వేగం తగ్గించుకుని 1.1 అని చూపిస్తుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి చిన్న పరీక్ష నడిపిస్తే అసలు అంకె వస్తుంది. వాడిన కార్డు కొనేవాళ్లు ఇదే ప్రోగ్రాంలో Name గడి కూడా చూడండి. పాత చిప్‌కు కొత్త కార్డు పేరు తగిలించి అమ్మిన నకిలీలైతే చాలావరకు అక్కడ [FAKE] అని కనిపిస్తుంది. జీటీఎక్స్ 1050 టీఐ పేరుతో ఇలాంటివి బాగా తిరిగాయి.

మరో తప్పు పూర్తిగా నాదే. ర్యామ్ 8 జీబీ, అదీ ఒకే స్టిక్. సైబర్‌పంక్‌కు కనీసం కావాలని తయారీదారులు రాసినది 12 జీబీ ర్యామ్, 6 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1060. ఆట అమ్మే పేజీలోనే ఉంది, నేను చదవలేదు. ఇంకో 8 జీబీ స్టిక్ తెచ్చి జత చేశాను. రెండు స్టిక్కులుంటే ర్యామ్ రెండు దారుల్లో పనిచేస్తుంది, వేగం దాదాపు రెట్టింపు. ఆ తర్వాత టెక్స్చర్లను, అంటే గోడలు, వీధుల మీద పరిచే బొమ్మల నాణ్యతను, అన్నిటికంటే తక్కువకు దించాం (ఆ ఆటలో దాన్ని మొదటి మెనూలోంచే మార్చగలం, ఆట మధ్యలో కాదు, దీనికే అరగంట వెతికాం). అరువు మెమరీ 0.6 జీబీకి తగ్గింది, ఫ్రేములు 40 దగ్గర నిలిచాయి, బిగుసుకోవడం అప్పుడప్పుడే. గోడలు మాత్రం తడిసిన పోస్టర్లలా కనిపిస్తున్నాయి.

కార్డు మార్చి ఇమ్మని దుకాణానికి వెళ్లాను. “కార్డు పని చేస్తోంది కదండీ, చెడిపోతే కదా మార్చేది” అన్నాడు. బిల్లు చూసుకుంటే దాని మీద ‘గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ’ అని మాత్రమే ఉంది. ఆయన నోటితో చెప్పిన ‘కొత్త ఆటలన్నీ’ ఎక్కడా లేదు. ఆపైన ఆయన చూపిన దారి ఇంకా ప్రమాదకరం. కొంచెం డబ్బు వేస్తే ఆర్‌టీఎక్స్ 3050 ఇస్తానని, దానికి కేబుల్ కావాలి కాబట్టి హార్డ్ డిస్క్ కేబుల్‌కు తగిలించే కన్వర్టర్ ఉచితమని అన్నాడు. దీనికి మాత్రం ఒప్పుకోకండి. హార్డ్ డిస్క్ కోసం వచ్చే సాటా పిన్నులు 12 వోల్టుల దగ్గర 54 వాట్లకు మించి మోయడానికి తయారైనవి కావు. ఆయన చెప్పిన 8 జీబీ 3050 లాగేది 130. కనెక్టర్ కరుగుతుంది, లేదా 180 వాట్ల పవర్ సప్లై చేతులెత్తేస్తుంది.

ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటుంది. 3050 పేరుతో 2024లో 6 జీబీ కార్డు వేరుగా వచ్చింది. అది 70 వాట్లది, దానికి కేబుల్ అక్కర్లేదు, చిప్ కూడా కొంచెం చిన్నది. స్లాట్ నుంచి కార్డు తీసుకోగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు కాబట్టి అది సరిపోతుంది. స్నేహితుడి దగ్గర పొట్టి రకం ఉంటే ఒక ఆదివారం అడిగి తెచ్చి మా కంప్యూటర్‌లో పెట్టి చూశాను. అదే ఆట, టెక్స్చర్లు మధ్యస్థంగా ఉంచినా 50 ఫ్రేములు వచ్చాయి, కారులో ఎంత తిరిగినా అరువు గీత కదలలేదు. దానికి 8 లేన్లున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా 6 జీబీ ఉంది. క్యాబినెట్ మూత పెట్టాక మాత్రం వేడి 80 డిగ్రీలు దాటింది, ఫ్యాన్ మోత హాల్లోకి వినిపించింది.

అలాగని వెంటనే దాన్ని కొనేయకండి. ఆ కార్డు రెండు స్లాట్ల మందం. కొన్ని ఆఫీసు కంప్యూటర్లలో పొడవు స్లాట్ పక్కనే పవర్ సప్లై పెట్టె ఉంటుంది, అది పట్టదు. కొన్ని మోడళ్లలో తయారీదారు స్లాట్‌కు 75 వాట్లు ఇవ్వడు, 35 లాంటి అంకె మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్‌లో ఆ పంక్తి వెతికి చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 వాడినది దొరికితే అదీ 4 జీబీనే. కానీ 16 లేన్లూ వాడుకుంటుంది కాబట్టి పాత కంప్యూటర్‌లో నా కార్డంత ఇబ్బంది పెట్టదు.

ఏ కార్డు పెట్టినా ఈ పెట్టెలో సుఖంగా ఆడని ఆటలూ ఉన్నాయి. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, డూమ్: ద డార్క్ ఏజెస్ వంటివి వెలుతురు దారిని లెక్కగట్టి బొమ్మ గీసే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి అంటున్నాయి, కనీసం 8 జీబీ మెమరీ అడుగుతున్నాయి. 1650లో ఆ హార్డ్‌వేరే లేదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి మాత్రమే ఆడేవారికి నా కార్డు కూడా చాలు, మావాడు వాలరెంట్ హాయిగా ఆడుకుంటున్నాడు.

ఎవరైనా ఇలాంటి జత కొనడానికి వెళ్తే, దుకాణదారు చూపించే ఆట కాకుండా మీకు కావలసిన ఆటను పెన్‌డ్రైవ్‌లోనో డిస్కులోనో మీరే తీసుకెళ్లండి. పక్కన Task Manager తెరిచి పావుగంట ఆడండి, ఆ అరువు గీతను చూడండి. ఆ ఆట పేరు బిల్లు మీద రాయమనండి. నేను మొన్న అటు వెళ్లినప్పుడు అదే కంప్యూటర్, అదే కార్డు అద్దాల వెనక కనిపించాయి. తెర మీద జీటీఏ 5 నడుస్తోంది.